కార్డు పెట్టినా ల్యాప్‌టాప్ పట్టించుకోవట్లేదు

"పాత ల్యాప్‌టాప్ స్లాట్‌లో కెమెరా కార్డు పెడితే చప్పుడు లేదు, డ్రైవ్ కూడా రావట్లేదు. 64 జీబీ కార్డు. కార్డు పోయిందా, స్లాట్ పోయిందా?"

ఏదీ విప్పకముందే ఒక మామూలు యూఎస్‌బీ కార్డ్ రీడర్ తెచ్చుకోండి. నాకు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర 180 రూపాయలకు దొరికింది. అదే కార్డును ఆ రీడర్‌లో పెట్టి, అదే ల్యాప్‌టాప్‌కు తగిలించండి. ఫోటోలు కనబడితే కార్డూ బాగుంది, విండోస్ కూడా బాగుంది, గొడవ చాలావరకు స్లాట్ వైపే. రీడర్‌లో కూడా రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో చూశాకే కార్డును అనుమానించండి. ఎక్కడైనా ఫార్మాట్ చేయమని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. కాంటాక్ట్ సరిగ్గా తగలకపోయినా అదే మెసేజ్ రావచ్చు. మా మేనల్లుడి పెళ్లి ఫోటోలున్న కార్డును నేను అట్లాగే తుడిచేయబోయి ఆగాను.

మీది 64 జీబీ అంటే SDXC రకం, కార్డు మీదే రాసి ఉంటుంది. ఈ రకం 2009లో వచ్చింది. అంతకంటే పాత ల్యాప్‌టాప్ అయితే స్లాట్ చెడిపోకున్నా ఆ కార్డును చదవకపోవచ్చు. ఇంట్లో 2 జీబీ కార్డు ఏదైనా పడి ఉంటే పెట్టి చూడండి. అది వచ్చి ఇది రాకపోతే తేడా రకంలోనే ఉందని దాదాపు తేలినట్టే.

నా విషయంలో ఏ కార్డూ రాలేదు. కానీ కార్డును వేలితో కొంచెం కిందికి నొక్కి పట్టుకుంటే టింగ్ మని డ్రైవ్ వచ్చేది, వదిలితే పోయేది. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, ఫోన్ టార్చ్‌తో లోపలికి చూశాను. వరుసగా సన్నటి రాగి రంగు స్ప్రింగు రేకులు. అన్నీ వంపు తిరిగి పైకి లేచి ఉంటే ఒక్కటి మాత్రం పడుకుని ఉంది. మధ్యలో దుమ్ము కూడా, దేవరకొండ రోడ్డు మీద బండికి బ్యాగు తగిలించుకుని తిరిగిన పుణ్యం. స్లాట్ పక్కగా ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది, కార్డు లోపలికి వచ్చిందని చెప్పేది అదే. అది ఇరుక్కుంటే మీకు జరిగినట్టే చప్పుడు కూడా ఉండదు.

ముందు కెమెరా లెన్స్‌కు వాడే రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. తర్వాత కార్డును పదిసార్లు పెట్టి తీస్తే రేకుల మీది మసి కొంత పోతుంది. అప్పటికీ రాకపోతే రిపేరు షాపు మాట. సూదితో రేకు లేపడం నేను చేశాను కానీ మీకు చెప్పను. ఆరు నెలలు పనిచేసి, ఒకరోజు కార్డు తీస్తుంటే ఆ రేకు విరిగి దాంతోపాటే వచ్చేసింది. ఇప్పుడు ఆ స్లాట్‌లో కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ డమ్మీ కార్డు పెట్టేశాను, పని మొత్తం 180 రూపాయల రీడర్‌తోనే.