గాలివానకు రాలిన మామిడి, గోదాములో తీసిన తరుగు: సరఫరా ఉత్తరం రాసిన సంఘం బాధ్యత ఎంత?

ప్రశ్న: మాది నూజివీడు ప్రాంతంలో మామిడి రైతుల సహకార సంఘం. నేను కార్యదర్శిని. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక టోకు కొనుగోలుదారుకు ఇలా ఉత్తరం రాశాను: ‘మా సభ్యుల తోటల్లో ఈ సీజనులో కోసే బంగినపల్లి 60 టన్నులు. ఎ గ్రేడు 40, బి గ్రేడు 20. సగటున కిలో 42 రూపాయలు. మా షెడ్డు దగ్గర లోడింగు.’ ఆయన ‘సమ్మతమే, మా గోదాములో దింపాలి, పాడైన కాయకు తరుగు ఉంటుంది’ అని వాట్సాప్‌లో జవాబిచ్చారు. మేము దానికి ఏమీ బదులు రాయకుండా 10 టన్నులు పంపాము. తొమ్మిది రోజుల తర్వాత 1,400 కిలోల తరుగు తీసి లెక్క పంపారు. ఇంతలో గాలివానకు కాయ రాలిపోయింది. పంపినదానితో కలిపి 40 టన్నులకు మించి రాదు. మిగతా 20 టన్నులు బయట కొని, తేడా మా దగ్గర వసూలు చేస్తానంటున్నారు. బయట ధర ఇప్పుడు కిలో 55. మా పరిస్థితి ఏమిటి?

జవాబు: కార్యదర్శి గారూ, ముందు పెద్ద మొత్తం సంగతి చూద్దాం. 20 టన్నులకు కిలోకు 13 రూపాయల తేడా అంటే 2,60,000 రూపాయలు. ఈ భారం మీ మీద పడకుండా కాపాడే మాట మీ ఉత్తరంలోనే ఉంది: ‘మా సభ్యుల తోటల్లో ఈ సీజనులో కోసే’. ఈ మాట లేకుండా ‘బంగినపల్లి 60 టన్నులు’ అని మాత్రమే రాసి ఉంటే, మీ తోటల్లో కాయ లేకపోయినా మార్కెట్లో కొనైనా ఇవ్వాల్సి వచ్చేది. ధర పెరిగి నష్టపోతామన్న వాదనను కోర్టులు ఒప్పుకోవు. ఫలానా తోటల పంటే ఇస్తామన్నప్పుడు మాత్రం, ఆ పంట ప్రకృతి వల్ల పోతే పోయినంత మేరకు ఒప్పందాన్ని నెరవేర్చడం అసాధ్యమైందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కింద వాదించవచ్చు.

ఈ విషయంలో లాయర్లు తరచూ చెప్పే ఇంగ్లండు కేసు ఒకటుంది: హోవెల్, కూప్‌లాండ్‌ల మధ్య 1876లో తేలిన కేసు. ఒక రైతు తన భూమిలో పండే 200 టన్నుల బంగాళదుంపలు అమ్ముతానని ఒప్పుకున్నాడు. తెగులు సోకి సుమారు 80 టన్నులే చేతికొచ్చాయి. మిగతా దుంపలు ఇవ్వనందుకు అతను నష్టపరిహారం కట్టనక్కరలేదని కోర్టు తేల్చింది. ఇంగ్లండు తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు కానీ, వాటిలోని తర్కాన్ని ఇక్కడా గౌరవిస్తారు.

ఇక్కడ మీరు తప్పక గుర్తుంచుకోవాల్సిన రెండో కేసు కూడా ఉంది. 1972లో ఇంగ్లండులోనే తీర్పు వచ్చిన ఆ కేసులో ఒక రైతు సుమారు 275 టన్నుల బార్లీకి ఒప్పుకుంటే 140 టన్నులే పండింది. ఎలాగూ మొత్తం ఇవ్వలేను కదా అని, ధర పెరగడంతో ఆ 140 టన్నులనూ వేరొకరికి అమ్మాడు. పండినదాన్ని ఒప్పుకున్న ధరకు ముందు ఆ కొనుగోలుదారుకే ఇవ్వజూపాల్సిందని కోర్టు చెప్పి, అతన్ని బాధ్యుడిని చేసింది. మీ సభ్యులు ఇప్పుడు 55 ధర చూసి ఒక్క లారీ బయటికి పంపినా, గాలివాన మీకిచ్చిన రక్షణ అక్కడితో పోతుంది. మిగిలిన 30 టన్నులూ 42కే ఆయనకు ఇవ్వజూపాలి.

కాయ రాలిందని రుజువు చేయాల్సింది కూడా మీరే. ఏ సభ్యుడు ఏ తోట నుంచి ఎంత ఇస్తానన్నాడో సంతకాలతో కూడిన జాబితా, గాలివాన మర్నాడు చెట్ల కింద తీసిన ఫొటోలు, ఉద్యాన శాఖ నష్టం అంచనా వేసి ఉంటే దాని నకలు, మీ కాటా పుస్తకం, ఇవన్నీ ఇప్పుడే ఒక ఫైలులో పెట్టండి.

తరుగు దగ్గరికి వస్తే మీ పక్షం అంత బలంగా లేదు. అంగీకారం ఏ మార్పూ లేకుండా ఉండాలని కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. ‘సమ్మతమే’ అంటూనే దింపే చోటు మార్చారు కనుక ఆయన జవాబు అంగీకారం కాదు, మీకు పెట్టిన ఎదురు ప్రతిపాదన. ఆ రోజే ‘మా షెడ్డు దగ్గరే అప్పగింత’ అని ఒక్క వాక్యం తిరిగి రాసి ఉంటే సరిపోయేది. మీరు ఏమీ అనకుండా లారీ పంపారు కనుక, నడవడిక ద్వారా ఆయన షరతుకు ఒప్పుకున్నారని ఆయన వాదిస్తారు. నా అంచనాలో ఆ వాదన నెగ్గే అవకాశమే ఎక్కువ. లారీతో పంపిన చలానాలో ‘షెడ్డు వద్ద అప్పగించాం’ అని ఉండి, ఆయన మనిషి దాని మీద సంతకం చేసి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. చలానా నకలు వెతకండి.

ఆ షరతు నిలిచినా 1,400 కిలోలూ మీ ఖాతాలోకే రావు. అమ్మకందారు తన బాధ్యత మీద సరుకును వేరే చోట అప్పగిస్తానన్నా, వేరే ఒప్పందం లేనప్పుడు ప్రయాణంలో సహజంగా జరిగే క్షీణత కొనుగోలుదారుదేనని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 40వ సెక్షన్ అంటుంది. ఎండలో దారిపొడుగునా కాయ నీరు కోల్పోయి తగ్గే బరువు ఇలాంటిదే. ఆయన తరుగు మాట ‘పాడైన కాయ’కే పరిమితం కనుక బరువు తగ్గడం అందులోకి రాదు. కోసేటప్పుడు ముచ్చిక ఊడి సొన కారి నల్లబడిన కాయకు, క్రేటులో నలిగిన కాయకు మాత్రం మీరే జవాబు చెప్పాలి.

కాబట్టి తరుగులో ఏది ఎంతో విడదీసి చూపమని ఆయన్ని అడగండి. కాయ దించాక తొమ్మిది రోజులు మౌనంగా ఉన్నారు. ఆలోపు బంగినపల్లి మాగిపోతుంది. సహేతుకమైన సమయంలో తిరస్కరణ తెలపకపోతే సరుకును అంగీకరించినట్టేనని అదే సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ అంటుంది. ఆ తర్వాత కూడా నాణ్యత లోపానికి ధర తగ్గించమని అడిగే హక్కు ఆయనకు ఉంటుంది కానీ, లోపం అప్పగింతనాటికే ఉందని రుజువు చేయాల్సింది ఆయనే. దించిన రోజు ఫొటో గానీ కాటా చీటీ గానీ లేకపోతే ఆ 1,400 కిలోల ధర 58,800 రూపాయలు పట్టి ఉంచుకోవడం ఆయనకు కష్టం.

‘ఎ గ్రేడు’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. మీ షెడ్డులో ఎ అంటే మచ్చలేని పెద్ద కాయ కావచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో మాత్రం ఎ, బి, సి అన్నవి సైజు గుర్తులు, పైగా ఎ అన్నిటికంటే చిన్నది: 200 నుంచి 350 గ్రాములు. నాణ్యతకు ఎక్స్‌ట్రా, మొదటి, రెండో తరగతులు వేరుగా ఉన్నాయి. వివాదం వస్తే మీ ఎ ఏమిటో ఎవరు చెప్పాలి? వచ్చే ఉత్తరంలో అక్షరం బదులు కాయనే వర్ణించండి. నేనైతే పాలకవర్గ తీర్మానం తేదీ పేర్కొని ఇలా రాస్తాను:

‘జతపరచిన జాబితాలోని సభ్యుల తోటల్లో ఈ సీజనులో కోసే బంగినపల్లి, అంచనా 60 టన్నులు. గాలివాన, తెగులు వల్ల దిగుబడి తగ్గితే ఉన్నంతే ఇస్తాము, ముందు మీకే ఇస్తాము. మొదటి రకం: కాయ 350 గ్రాములకు తగ్గదు, ముచ్చిక ఉంటుంది, సొన మచ్చ, పండు ఈగ కాటు ఉండవు, నూటికి పది కాయల వరకు తేడా సమ్మతం. పరీక్ష, కాటా మా షెడ్డు దగ్గర మీ మనిషి ఎదుట. లారీ కదిలాక బాధ్యత మీది. ఈ నెల 20 లోపు లిఖితపూర్వక అంగీకారం రాకుంటే ఈ ప్రతిపాదన రద్దు. ఇందులో ఏ మాట మార్చినా మేము రాతలో ఒప్పుకుంటేనే చెల్లుతుంది.’

ప్రస్తుతానికి, రెండో లారీ కదిలే ముందే కొనుగోలుదారుకు స్పీడ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ ఒకే ఉత్తరం పంపండి. గాలివాన తేదీ, మిగిలిన 30 టన్నులు 42కే సిద్ధంగా ఉన్న సంగతి, ఇకపై కాటా, పరీక్ష షెడ్డు దగ్గరే జరగాలన్న మీ కోరిక, మొదటి లోడు తరుగును మీరు అంగీకరించడం లేదన్న మాట అందులో ఉండాలి. దానికి ఆయన జవాబు రాతలో చేతికొచ్చేదాకా లారీ ఎక్కించవద్దు. కాయ చెట్టున ఆగదు కనుక జవాబుకు రెండు రోజులే గడువు పెట్టండి.