చక్కెర కలిపారని డబ్బా చెప్పాలి, మీ నాన్నగారి షుగర్ రిపోర్టు కాదు

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారికి 72 ఏళ్లు, షుగర్ ఉంది. రోజూ లక్ష్మీపురంలో బండి దగ్గర బోండాం తాగేవారు. ఎండలకు వెళ్లలేకపోతున్నారని సూపర్ మార్కెట్లో 200 మి.లీ. కొబ్బరినీళ్ల డబ్బాలు తెచ్చి రోజుకు రెండు ఇచ్చాం. ముందువైపు 'చక్కెర కలపలేదు, ప్రిజర్వేటివ్‌లు లేవు' అని ఉంది. రెండు నెలల్లో పరగడుపు షుగర్ 130 నుంచి 190కి వెళ్లింది. అప్పుడు వెనక చూస్తే 100 మి.లీ.కి 4.8 గ్రాముల చక్కెర! బోండాం నీళ్లు సాయంత్రానికే పులుస్తాయి, ఇవి తొమ్మిది నెలలు ఎలా నిలుస్తాయి? ఖాళీ డబ్బాలు పారేశాం, విప్పనివి రెండున్నాయి. ఐదు లక్షలు ఇవ్వకపోతే ఫేస్‌బుక్‌లో పెడతామని కంపెనీకి మెయిల్ కొట్టమని మా బావ అంటున్నాడు. కొట్టవచ్చా?

జవాబు: ఈ కేసు మొత్తాన్ని తేల్చే ఒక్క వాక్యం మీ ఉత్తరంలో లేదు. డబ్బా వెనక 'పదార్థాలు' అని మొదలయ్యే వరుసలో ఏముంది? ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకుని ఆ వరుస చదవకుండా నాకు రాశారు. రెండు నెలలపాటు చదవకుండానే షుగర్ ఉన్న మనిషికి పట్టించారు. ఇది అజాగ్రత్తే. అవతలి వకీలు మొదట పట్టుకునేది కూడా దీన్నే.

మీరు చెప్పిన 4.8 అంకెతో చక్కెర కలిపారని రుజువు కాదు. లేత బోండాం నీళ్లలో కాయ రకాన్ని, వయసును బట్టి 100 మి.లీ.కి ఇంచుమించు రెండున్నర నుంచి ఐదు గ్రాముల దాకా సహజంగానే చక్కెర ఉంటుంది. మీ డబ్బా అంకె ఆ హద్దులోనే ఉంది. రోజుకు రెండు డబ్బాలంటే 400 మి.లీ., అంటే 19 గ్రాములు దాటింది. బండి దగ్గర 300 మి.లీ. నీళ్లున్న కాయ తాగినా 13, 14 గ్రాములు పడవచ్చు. కాబట్టి పరగడుపు షుగర్ 190కి వెళ్లడానికి ఈ డబ్బాలే కారణమని ఏ వినియోగదారుల కమిషన్ ముందూ నిలబెట్టలేరు. భోజనం, మందులు, ఎండకు నడక మానేయడం, అన్నీ అడుగుతారు. ఆ నష్టపరిహారం ఆశ వదిలేయండి. కేసు అక్కడ లేదు.

తొమ్మిది నెలల సంగతీ అంతే. కాయ కొట్టగానే నీళ్లకు గాలి, కత్తికి ఉన్న సూక్ష్మజీవులు తగులుతాయి. నీళ్లలోని ఎంజైములు రంగు మారుస్తాయి, ఎండలో కొన్ని గంటల్లోనే పులుపు మొదలవుతుంది. కార్టన్‌లో పోసేవాటిని కొన్ని సెకన్లపాటు 135 డిగ్రీలకు పైగా వేడి చేసి, సూక్ష్మజీవులు లేని వాతావరణంలో మూసేస్తారు. అలా చేస్తే ప్రిజర్వేటివ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తాయి. అందుకే తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల్లో తాగమని దానిమీదే రాస్తారు. ఎక్కువ కాలం నిలిచాయి కాబట్టి ఏదో కలిపారనే వాదన నిలవదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాల పట్టికలో 'మొత్తం చక్కెరలు' ఒక వరుసలో, 'కలిపిన చక్కెరలు' ఇంకో వరుసలో ఉండాలి. మీ 4.8 ఏ వరుసలోది? పైవరుసలో 4.8, కిందివరుసలో సున్నా ఉండి, పదార్థాల్లో కొబ్బరినీళ్లు తప్ప తీపి వస్తువేదీ లేకపోతే లేబుల్ తన మాట తాను నిలబెట్టుకున్నట్టే. కిందివరుసలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా, పదార్థాల్లో చక్కెర, గ్లూకోజ్ సిరప్, చక్కెరకు బదులుగా వేసిన సాంద్ర పండ్లరసం లాంటివి కనిపించినా, ముందువైపు మాట అబద్ధం. అప్పుడు ల్యాబ్ పరీక్షతో పనిలేదు, ఆ డబ్బాయే సాక్షి.

ప్రిజర్వేటివ్‌లనూ అదే వరుసలో వెతకండి. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐఎన్‌ఎస్ అనే కోడ్ అంకెలుంటాయి. వాటిలో 202, 211, 224 ఏది కనిపించినా అది ప్రిజర్వేటివే. 224 సల్ఫైటు, రంగు మారకుండా వేస్తారు. 300 కనిపిస్తే కంగారు పడకండి, అది విటమిన్ సి, యాంటీ ఆక్సిడెంట్ కింద రాస్తారు. 330 సిట్రిక్ యాసిడ్, పులుపును సర్దేది. ఆ రెండింటిని ప్రిజర్వేటివ్‌లని నోటీసులో రాస్తే మీ నోటీసు మొత్తం పలచబడుతుంది.

లేబుల్ అంతా సరిగ్గానే ఉండి, లోపలి నీళ్లు వేరని మీ అనుమానమైతే పరీక్ష తప్పదు. చెరకు చక్కెర కలిపితే కార్బన్ ఐసోటోపు పరీక్షలో బయటపడుతుంది, ఎందుకంటే చెరకులోని కార్బన్ తీరు, కొబ్బరిలోని తీరు వేరు. కానీ మీరే డబ్బా విప్పి సీసాలో పోసి ప్రైవేటు ల్యాబ్‌కు ఇస్తే, ఆ చక్కెర మీ వంటింట్లో పడిందంటారు. ఆ రెండింటినీ విప్పకండి. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. కాబట్టి అదే బ్యాచ్‌వి మళ్లీ కొనండి, ఆ మాట చెప్పండి, డబ్బానూ బిల్లునూ పక్కపక్కన పెట్టి కౌంటర్ దగ్గరే ఫోటో తీయండి. బిల్లు మీద సాధారణంగా బ్యాచ్ నంబరు ఉండదు, ఆ లోటు ఈ ఫోటో తీరుస్తుంది. పాత బిల్లుల సంగతి మీరు రాయలేదు. ఫోన్‌లో డబ్బు కట్టిన మెసేజ్ దుకాణం పేరు చెబుతుంది గానీ ఏం కొన్నారో చెప్పదు. మీ ఫోన్ నంబరుతో బిల్లు వేసుంటే డూప్లికేటు అడిగి తీసుకోండి.

గడువు గురించి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ కింద ఫిర్యాదుకు రెండేళ్లుంది. కానీ ఆ రెండేళ్లూ ఉన్నాయని కూర్చోకండి. డబ్బా మీది వాడుక గడువు తేదీ దాటాక చేసిన పరీక్షను ఎవరైనా ప్రశ్నిస్తారు. మీకున్న అసలు గడువు ఆ తేదీయే. ఆహార భద్రత చట్టం కింద కేసు స్వీకరించడానికి నేరం జరిగిన నాటి నుంచి ఏడాదే గడువు, కమిషనర్ కారణాలు రాసి ఆమోదిస్తే మూడేళ్ల దాకా.

మీ బావ చెప్పిన మెయిల్ మాత్రం ఏ పరిస్థితిలోనూ పంపకండి. పరువు తీస్తానని బెదిరించి డబ్బు రాబట్టడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. డబ్బు రాకపోయినా బెదిరించిన ప్రయత్నమే మిమ్మల్ని ఇరికిస్తుంది. మీ పక్షాన నిజమే ఉన్నా, ఆ ఒక్క మెయిల్‌తో మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి వెళ్తారు.

లేబుల్లో వైరుధ్యం కనిపిస్తే ముందు తయారీదారుకు, అమ్మిన దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. నోటీసులో బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, ముందు మాట, వెనక మాట యథాతథంగా ఉండాలి. నాన్నగారి షుగర్ గురించి ఒక్క వాక్యం చాలు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోట వేసే హక్కుంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు కోర్టు ఫీజు లేదు. డబ్బా ధర వాపసు, మనోవేదనకు, ఖర్చులకు కొంత పరిహారం, ఆ ప్రకటన మాన్పించమనే ఉత్తర్వు అడగండి. ఐదు లక్షలు అడగకండి, లెక్క చూపించలేరు. ఫుడ్ సేఫ్టీ అధికారికి కూడా ఫిర్యాదు ఇవ్వండి. తప్పుడు లేబుల్‌కు మూడు లక్షల దాకా జరిమానా పడవచ్చు, అయితే అది ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు.

ఈ రాత్రికే డబ్బా ఆరువైపులా అక్షరాలు చదవగలిగేలా ఫోటోలు తీసి, డబ్బాలను లేబుల్ చెప్పినట్టే చల్లగా, ఎండ తగలని చోట దాచండి. పదార్థాల వరుస, కలిపిన చక్కెరల అంకె నాకు రాసి పంపండి. నోటీసు వేయాలో వద్దో ఆ రెండూ చూశాకే చెబుతాను.