విమానంలో వెజ్ భోజనం: టికెట్ కొన్నప్పుడు టిక్ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మా నేనూ ప్రయాణం. మధ్యలో విమానం మారాలి. ఇద్దరం గుడ్డు కూడా తినం, అమ్మకి షుగర్ ఉంది. టికెట్ ఒక ట్రావెల్ సైట్‌లో కొని, అక్కడ వెజ్ అని టిక్ పెట్టాను. అది చాలా, ఇంకేమైనా చేయాలా?

జవాబు:

చాలదండీ. ట్రావెల్ సైట్‌లో పెట్టిన టిక్ ఒక్కోసారి ఎయిర్‌లైన్ దాకా వెళ్లదు. వెళ్లినా రెండు విమానాలకీ పడిందన్న నమ్మకం లేదు. మా అమ్మతో వెళ్లినప్పుడు నాదీ దాదాపు ఇలాంటి టికెట్టే కాబట్టి అప్పుడు జరిగింది చెప్తాను.

ముందు ఏది అడగాలో తేల్చుకోండి. ఎయిర్‌లైన్ లెక్కలో వెజ్ అంటే ఒకటే రకం కాదు. ఒక్కో రకానికి నాలుగక్షరాల కోడ్ ఉంటుంది, ఎక్కువ ఎయిర్‌లైన్‌లు అవే కోడ్‌లు వాడతాయి. మీకు కావలసింది AVML. తెర మీద ఇది ఏషియన్ వెజిటేరియన్ అనో, ఇండియన్ వెజిటేరియన్ అనో, హిందూ వెజిటేరియన్ అనో కనిపిస్తుంది. మామూలుగా ఇందులో మాంసం, చేప, గుడ్డు ఉండవు, పాల పదార్థాలు ఉండొచ్చు. VLML అంటే గుడ్డు రావచ్చు, ముఖ్యంగా ఉదయం టిఫిన్‌లో. VGML వీగన్, అందులో పాలు, పెరుగు కూడా ఉండవు. అసలు చిక్కంతా HNML దగ్గర. "హిందూ మీల్" అన్న పేరు చూసి శాకాహారం అనుకుని చాలామంది నొక్కేస్తారు. అది మాంసాహారం! బీఫ్ లేకుండా వండుతారు, అంతే. చికెనో, మటనో, చేపో రావచ్చు. పేరు కాదు, పక్కనున్న వివరణ చదివి ఎంచుకోండి.

ఇక మా సంగతి. మొదటి విమానం టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైన్‌దే. రెండోది వాళ్ల నంబర్‌తోనే ఉన్నా, నడిపేది వేరే కంపెనీ. టికెట్‌లో "Operated by" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తప్పకుండా చూడండి, ఎందుకంటే భోజనం ఎక్కించేది విమానం నడిపేవాళ్లే. నేను మొదటి కంపెనీ వెబ్‌సైట్‌లో మా బుకింగ్ తెరిచి చూస్తే మొదటి విమానానికి ఇద్దరికీ AVML ఉంది, రెండోదానికి ఖాళీ. అక్కడ మార్చే వీలు కూడా లేదు. వాళ్లకి ఫోన్ చేసి, రెండో కంపెనీలో మా బుకింగ్ నంబర్ ఏమిటని అడిగాను. చాలామందికి తెలియని సంగతి ఇదే: ఒకే టికెట్ అయినా రెండు కంపెనీల సిస్టమ్‌లలో దానికి రెండు వేర్వేరు ఆరక్షరాల నంబర్‌లు ఉండొచ్చు. ఆ రెండో నంబరూ, ఇంటిపేరూ కొట్టగానే వాళ్ల సైట్‌లో మా బుకింగ్ తెరుచుకుంది. స్పెషల్ మీల్ దగ్గర ఇద్దరికీ విడివిడిగా AVML పెట్టాను. తిరుగు ప్రయాణానికీ ఇంతే, ప్రతి విమానానికీ, ప్రతి మనిషికీ వేరుగా పడాలి.

పెట్టాక అది "requested" అని ఉందా, "confirmed" అని ఉందా చూడండి. మొదటిది మీరు అడిగారని మాత్రమే. ఒకట్రెండు రోజులైనా మారకపోతే ఫోన్ చేసి, "రెండో విమానానికి AVML మీ సిస్టమ్‌లో కన్ఫర్మ్ అయిందా?" అని కోడ్‌తోనే అడగండి. "వెజ్ పెట్టారా" అంటే "పెట్టాం" అని ఊరుకుంటారు.

గడువు చాలా ఎయిర్‌లైన్‌లలో విమానం బయలుదేరడానికి 24 గంటల ముందు దాకా. కొన్ని రకాలకు, కొన్ని కంపెనీల్లో 48 గంటలు అడుగుతారు. భోజనం వండేది విమానం బయలుదేరే ఊళ్లోని వంటశాలలో, వాళ్లకి లెక్క ముందే చేరాలి. అందుకే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అడిగితే ప్రయోజనం ఉండదు. వెళ్లేటప్పుడు బాగున్న AVML తిరిగొచ్చేటప్పుడు వేరేలా ఉండటానికీ కారణం అదే, వండే చెయ్యి మారుతుంది.

ఇంత చేసినా మాకు మధ్యలో ఒక దెబ్బ తగిలింది. ప్రయాణానికి కొన్ని రోజుల ముందు విమానం టైమ్ మారిందని మెయిల్ వచ్చింది. మళ్లీ బుకింగ్ తెరిస్తే కొత్త విమానం నంబర్ కింద సీట్లున్నాయి, భోజనం మాయం. పాత విమానానికి అంటుకుని ఉన్న రిక్వెస్ట్ కొత్తదానికి దానంతటదే రాకపోవచ్చు. ఇంకా టైమ్ ఉంది కాబట్టి మళ్లీ పెట్టాను. మీకూ టైమ్ గానీ, తేదీ గానీ, క్లాస్ గానీ మారితే వెంటనే చూసుకోండి. ఏ మార్పూ లేకపోయినా బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఒకసారి తెరిచి చూడటం మేలు.

అమ్మగారి షుగర్ విషయానికి వస్తే, డయాబెటిక్ మీల్ DBML అని ఉంది కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. అది శాకాహారం కాదు, చికెనో చేపో ఉండొచ్చు. మామూలుగా ఒకరికి ఒక విమానంలో ఒకే కోడ్ తీసుకుంటారు, రెండూ కలిపి ఇమ్మంటే కుదరదు. మేము అమ్మకి AVML పెట్టి, అందులో స్వీటూ, జ్యూసూ పక్కన పెట్టేశాం. దానికన్నా టైమ్‌తోనే ఇబ్బంది ఎక్కువ. విమానం ఆలస్యమైనా, కుదుపులొచ్చి సర్వీస్ ఆపినా భోజనం గంటలు వెనక్కి పోతుంది. తిండికి ముందు వేసుకునే మాత్రో, ఇన్సులినో ఉంటే ట్రే చేతికి రాకముందే వేసేయకుండా ఎలా సర్దుకోవాలో డాక్టర్‌ని ముందే అడగండి. చేతి సంచిలో ఆవిడ తినే పొడి తిండి కొంత ఉంచండి. పెరుగులాంటివి సెక్యూరిటీ దగ్గర ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చాలా చోట్ల ఆపేస్తారు. పళ్లు మిగిలితే దిగకముందే తినేయండి, చాలా దేశాలు లోపలికి రానివ్వవు.

విమానంలో స్పెషల్ మీల్స్ సాధారణంగా అందరికన్నా ముందే ఇస్తారు. ట్రే మీద సీట్ నంబర్ స్టిక్కర్ ఉంటుంది. ఎవరికోసమో సీటు మారితే ఆ సంగతి సిబ్బందికి చెప్పండి, లేకపోతే మీ భోజనం పాత సీట్లో కూర్చున్నవాళ్ల దగ్గరికి పోతుంది. ఎక్కగానే "ఈ రెండు సీట్లకీ AVML ఉందా" అని అడిగేయండి. వాళ్ల జాబితాలో లేదంటే, ఎక్కించి వాడకుండా మిగిలినదో, మామూలు మెనూలోని వెజ్ రకమో పక్కన పెట్టించే వీలు అప్పుడే ఎక్కువ. బండి మీ వరస దాకా వచ్చాక అడిగితే బ్రెడ్డు, సలాడ్, పళ్లతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. కన్ఫర్మ్ అయినట్టు చూపించే పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, లోపల నెట్ ఉండకపోవచ్చు.

ఒక్క మాట. రెండో విమానం గంటా రెండు గంటలదే అయితే, లేదా తిండి విడిగా కొనుక్కునే చౌక ఎయిర్‌లైన్ అయితే ఈ కోడ్‌లు అసలు తీసుకోకపోవచ్చు. చౌక ఎయిర్‌లైన్‌లో వెజ్ భోజనం వాళ్ల సైట్‌లో ముందే కొనుక్కోవాలి. మీ రెండో విమానం ఏ కంపెనీ నడుపుతుందో, ఎన్ని గంటలో రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.