కూపన్ 8 శాతమైతే బుక్స్‌లో వడ్డీ 10 శాతం ఎందుకు రాయాలి?

ప్రశ్న: మా కంపెనీ 8% కూపన్ ఉన్న బాండ్ డిస్కౌంట్‌లో కొన్నది, అమార్టైజ్డ్ కాస్ట్‌లో పెట్టాం. ఏడాదికి వచ్చేది 8 శాతమే కదా, ఆడిటర్ మాత్రం అంతకంటే ఎక్కువ వడ్డీ ఇన్‌కమ్ చూపించమంటున్నారు. బ్యాంకులో పడని డబ్బు ఇన్‌కమ్ ఎలా అవుతుంది?

జవాబు:

నేను ట్రెజరీ అకౌంట్స్‌లో కొత్తగా చేరినప్పుడు సరిగ్గా ఇదే డౌట్‌తో తప్పు ఎంట్రీ వేశాను, అందుకే ఆ లెక్కతోనే చెప్తాను.

మేం కొన్న బాండ్ ఫేస్ వాల్యూ 10 లక్షలు, కూపన్ 8%, ఏడాదికోసారి చెల్లింపు, మెచ్యూరిటీకి ఇంకా సరిగ్గా 3 ఏళ్లు. బాండ్‌కి కట్టింది 9,48,263, బ్రోకరేజీ 2,000, మొత్తం చేతి నుంచి పోయింది 9,50,263. మొదటి ఏడాది చివర 80,000 కూపన్ వచ్చింది, నేను ఆ 80,000 ఇంట్రెస్ట్ ఇన్‌కమ్‌కి వేసేశాను, బ్రోకరేజీని ఖర్చుల్లో రాసేశాను, బాండ్ విలువని 9,48,263 దగ్గరే వదిలేశాను. మిగతా తేడా మెచ్యూరిటీ రోజున లాభంగా వస్తుందిలే అనుకున్నాను. ఇయర్ ఎండ్‌లో ఆడిట్‌కి వచ్చిన సీనియర్ ఆ లెడ్జర్ చూసి, "10 శాతం వడ్డీ వస్తుందనే కదా దీన్ని కొన్నారు, మరి 80 వేలే ఎందుకు రాశారు?" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

ఆయన చెప్పింది ఇది. మన ఊళ్లలో లక్షకి ప్రామిసరీ నోటు రాయించుకుని చేతికి 95 వేలే ఇచ్చేవాళ్లు ఉంటారు కదా, ఆ పట్టుకున్న 5 వేలు ఏంటి? వడ్డీయే, కాకపోతే పేరు పెట్టలేదు అంతే. బాండ్ డిస్కౌంట్ కూడా అదే. మేం కొన్న రోజున మార్కెట్‌లో అలాంటి పేపర్‌కి 10% దాకా అడుగుతున్నారు, 8% ఇచ్చే బాండ్‌ని 10 లక్షలకి ఎవరూ కొనరు, అందుకని అమ్మేవాడు ధర తగ్గించి ఇచ్చాడు. అంటే 10,00,000 లోంచి 9,50,263 తీసేస్తే మిగిలే 49,737 కూడా మాకు వచ్చే వడ్డీలో భాగమే, కాకపోతే ఏటా చేతికి రాదు, మూడో ఏడాది చివర అసలుతో కలిసి వస్తుంది. 3 కూపన్లు 2,40,000, దానికి ఈ 49,737 కలిపితే 2,89,737, ఇదీ మూడేళ్లలో మేం నిజంగా సంపాదించిన వడ్డీ. దీన్ని ఏ ఏడాదికి ఎంత పంచాలి అన్నదే ఎఫెక్టివ్ ఇంట్రెస్ట్ రేట్, ఈఐఆర్, చేసే పని. కూపన్ రేటు బాండ్ కాగితం మీద ఉండేది, ఎవరు కొన్నా అదే, కానీ ఈఐఆర్ మీరు కట్టిన డబ్బు మీద పుట్టేది, అదే బాండ్‌ని ఇంకొకరు వేరే ధరకి కొంటే వాళ్ల ఈఐఆర్ వేరు.

ఎక్సెల్‌లో ఇలా వస్తుంది:

```
=RATE(3,80000,-950263,1000000)
```

జవాబు 10%. ఇక మొదటి ఏడాది వడ్డీ 9,50,263 మీద 10 శాతం, అంటే 95,026. కూపన్‌గా వచ్చింది 80,000, మిగతా 15,026 బాండ్ విలువకే కలుస్తుంది. ఎంట్రీ చూస్తే బ్యాంక్ డెబిట్ 80,000, బాండ్ ఇన్వెస్ట్‌మెంట్ డెబిట్ 15,026, ఇంట్రెస్ట్ ఇన్‌కమ్ క్రెడిట్ 95,026. బాండ్ ఇప్పుడు 9,65,289. రెండో ఏడాది దాని మీద 10%, 96,529, బాండ్ 9,81,818 అవుతుంది. మూడో ఏడాది 98,182, కూపన్ పోగా 18,182 కలిసి సరిగ్గా 10,00,000, అదే రోజు ఆ డబ్బు వచ్చేస్తుంది, లాభం లేదు నష్టం లేదు. నేను మెచ్యూరిటీ రోజున లాభం అనుకున్నదంతా ఇలా ఏడాదికింత వడ్డీగా ముందే బుక్స్‌లోకి ఎక్కేసింది.

49,737ని మూడుతో భాగించి ఏటా 16,579 వేస్తే సరిపోదా అని నేనూ అడిగాను. అలా వేస్తే మొదటి ఏడాది వడ్డీ 96,579 అవుతుంది, అంటే పెట్టిన డబ్బు మీద 10 శాతం కంటే ఎక్కువ, మూడో ఏడాదికి వచ్చేసరికి తక్కువ. ఏ ఏడాది చూసినా మిగిలున్న విలువ మీద అదే రేటు రావాలి అన్నదే ఈ పద్ధతి మూలం, ఇండ్ ఏఎస్ 109 అడిగేది కూడా ఈఐఆర్ పద్ధతే.

ప్రీమియంకి కొంటే ఇదంతా తిరగబడుతుంది. ఇదే బాండ్‌ని 10,53,460కి కొన్నారనుకోండి, ఈఐఆర్ 6% వస్తుంది, మొదటి ఏడాది వడ్డీ 63,208 మాత్రమే. బ్యాంకులో పడ్డ 80,000లో మిగతా 16,792 మీరు ఎక్కువ కట్టిన డబ్బే వెనక్కి రావడం, దాన్ని బాండ్ విలువలోంచి తగ్గించాలి. 80 వేలూ ఇన్‌కమ్ అని రాసుకుంటే చివర్లో 53,460 నష్టం ఒక్కసారి మీద పడుతుంది, ఇది డిస్కౌంట్ తప్పుకంటే ప్రమాదం, ఎందుకంటే అన్నేళ్లూ లాభం ఎక్కువ చూపించినట్టు.

బ్రోకరేజీ విషయం కూడా పట్టించుకోండి. అమార్టైజ్డ్ కాస్ట్‌లో పెట్టే బాండ్‌కి ఆ 2,000 ఖర్చుల్లోకి పోదు, కొన్న విలువలో కలుస్తుంది, ఈఐఆర్ ఆ మొత్తం మీదే లెక్కకట్టాలి. ఫెయిర్ వాల్యూ మార్పులు పీ అండ్ ఎల్‌లోకి వెళ్లే బాండ్ అయితేనే బ్రోకరేజీ ఖర్చు.

ఆరు నెలలకోసారి కూపన్ ఇచ్చే బాండ్ దగ్గర చాలామంది జారిపోతారు, మన ప్రభుత్వ సెక్యూరిటీలు ఎక్కువగా ఇలాంటివే. పై బాండే 40,000 చొప్పున ఆరు సార్లు ఇస్తే `=RATE(6,40000,-950263,1000000)` అని కొట్టాలి, అది ఆరు నెలల రేటు ఇస్తుంది, సుమారు 4.98%, ప్రతి అర్ధ సంవత్సరానికీ అదే వాడాలి. తేదీలతో `XIRR` వేస్తే దాదాపు 10.2 వస్తుంది, అది ఏడాది రేటు, చక్రవడ్డీ కలిసినది, దాన్ని రెండుతో భాగించి 5.1 అని వాడితే చివరి లైన్‌లో బాండ్ 10 లక్షలు దాటిపోతుంది. ఎక్కడ తప్పు జరిగినా బయటపడేది ఆ చివరి లైన్‌లోనే, షెడ్యూల్ ఆఖరున ఫేస్ వాల్యూ రాకపోతే ముందు రేటు, తర్వాత కొన్న విలువ, తర్వాత తేదీలు చూడండి. కూపన్ తేదీల మధ్యలో కొన్నప్పుడు అప్పటిదాకా పోగైన వడ్డీ అమ్మినవాడికి కట్టిన సంగతి మర్చిపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది, అది మీ ఆదాయం కాదు, మొదటి కూపన్‌లోంచి మీకే తిరిగొచ్చే డబ్బు.

మధ్యలో మార్కెట్ రేట్లు పెరిగినా తగ్గినా ఫిక్స్‌డ్ కూపన్ బాండ్‌కి ఈఐఆర్ మార్చకండి, కొన్న రోజున లెక్కకట్టిన రేటే చివరిదాకా. ఇష్యూ చేసినవాళ్లు చెల్లించలేకపోవచ్చు అన్న అంచనాకి ఈసీఎల్ ప్రొవిజన్ వేరే వేయాలి, అది ఇందులో కలపకూడదు. మీ కంపెనీ ఇండ్ ఏఎస్ కాకుండా పాత ఏఎస్ 13 కింద ఉంటే లాంగ్ టర్మ్ ఇన్వెస్ట్‌మెంట్ కాస్ట్ మీద నడుస్తుంది, అప్పుడు ఆడిటర్‌ని ఏ స్టాండర్డ్ కింద అడుగుతున్నారో ముందు కనుక్కోండి.

ఇంకొకటి, 26ఏఎస్‌లో కనిపించేది కూపన్ 80,000 మాత్రమే, మీ బుక్స్‌లో 95,026 ఉంటుంది. ఆ 15,026కి రికన్సిలియేషన్ షీట్ మొదటి ఏడాదే చేసి ఫైల్‌లో పెట్టేయండి, మూడో ఏడాది వచ్చాక వెతుక్కోవాలంటే కొన్న కాంట్రాక్ట్ నోట్ దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాల్సొస్తుంది.