ఆరు నెలలు ఇంకొకరి పని కూడా చేసిన ఉద్యోగికి అప్రిసియేషన్ లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: ఒంగోలులో చిన్న కంపెనీకి మేనేజర్‌ని. మా దగ్గర ఒకమ్మాయి ఆరు నెలలు లీవులో ఉండి ఈ మధ్యే తిరిగొచ్చింది. అన్నాళ్లూ ఆమె పని కూడా ఒక కుర్రాడే చూశాడు. అతనికి అప్రిసియేషన్ లెటర్ రాయమన్నారు ఎండీ గారు. నెట్‌లో చూస్తే అన్నీ ఒకే రకం, పేరు మారిస్తే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అసలు అందులో ఏముండాలి?

జవాబు: నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మేనేజర్‌గా చేస్తున్నాను. దాదాపు ఇలాంటి లెటరే నేనూ ఇచ్చాను కాబట్టి అదెలా తయారైందో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మా దగ్గర ఎక్స్‌పోర్ట్ కంటైనర్ల కాగితాలన్నీ, అంటే ప్యాకింగ్ లిస్టు, ఇన్‌వాయిస్, బరువు డిక్లరేషన్, పోర్టు దగ్గర ఏజెంటుతో మాట్లాడటం, ఇదంతా ఒకమ్మాయి చూసేది. ఆమె మెటర్నిటీ లీవుకి వెళ్లింది. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు చట్టమే ఇస్తోంది, 2017 నుంచి. కొత్త మనిషిని తీసుకుందామంటే చీమకుర్తిలో స్లాబు కొలతలు తెలిసి, షిప్పింగ్ కాగితాలూ తెలిసినవాళ్లు దొరకడం కష్టం. స్టోర్స్ చూసే కుర్రాడు, మాలకొండయ్య అనుకుందాం, 'నేర్చుకుంటాలే సార్' అని తీసుకున్నాడు. తన స్టోర్స్ పని అలాగే ఉంది, ఇది అదనం.

ఆమె తిరిగొచ్చాక ఆఫీసులో ఎవరో లెటర్ టైప్ చేసి నా టేబుల్ మీద పెట్టారు. 'అంకితభావం, క్రమశిక్షణ, కష్టపడే తత్వం' అన్నీ ఉన్నాయి గానీ మాలకొండయ్య ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. అది సంతకం పెట్టకుండా పక్కన పెట్టి, ముందు కంటైనర్ రిజిస్టర్ తెప్పించుకున్నాను. తర్వాత క్రేన్ సూపర్‌వైజర్‌నీ పోర్టు ఏజెంటునీ ఒకటే అడిగాను: 'అతను లేకపోతే ఎక్కడ ఇరుక్కునేవాళ్లం?' మీరు కూడా ఇదే అడగండి. 'బాగా చేశాడా?' అని అడిగితే 'బాగానే చేశాడు సార్' అంటారు, అంతకు మించి ఏమీ రాదు.

సూపర్‌వైజర్ చెప్పిన సంగతే చివరికి లెటర్‌కి ప్రాణమైంది. ఒక కంటైనర్ మొత్తం 2 సెంటీమీటర్ల స్లాబుల ఆర్డరు. లోడింగ్‌కి ముందు యార్డులో బండిల్స్ వరసగా నిలబెట్టి ఉన్నాయి. మాలకొండయ్య లిస్టు పట్టుకుని తిరుగుతూ ఒక బండిల్ దగ్గర ఆగాడట. లిస్టులో ఏడు స్లాబులు, 2 సెంటీమీటర్లు అని ఉంది. అంటే రాయి మందం అంతా కలిపితే 14 సెంటీమీటర్లు, మధ్యలో పెట్టే ప్లాస్టిక్ కలిపినా ఇంకొంచెం. టేపు పెడితే 21 దాటింది. అంచు మీద రాసిన బ్లాక్ నంబరు చూస్తే అది ఈ ఆర్డరుదే కాదు, పక్క ఆర్డరు 3 సెంటీమీటర్ల బండిల్ ఇందులో కలిసింది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెక్క చూడండి. మా గెలాక్సీ రాయి 2 సెంటీమీటర్ల మందంలో చదరపు మీటరుకి సుమారు 60 కిలోలు తూగుతుంది, 3 అయితే 90. ఆ బండిల్‌లో దాదాపు 35 చదరపు మీటర్ల రాయి ఉంది. అంటే రెండు టన్నుల పైచిలుకు అనుకున్నది మూడు టన్నులు దాటుతుంది, ఒక్క బండిల్‌కే టన్ను తేడా. కంటైనర్‌ని మేము 26 టన్నుల దగ్గర ఆపుతాం, ఇక్కడ ఆ గీత దాటేది. 2016 జూలై నుంచి బరువు డిక్లరేషన్ లేకుండా కంటైనర్‌ని ఓడ ఎక్కించరు. అలా అని తప్పుడు బరువు రాస్తే ఇంకా తంటా. కాటా దగ్గర బయటపడితే బండి వెనక్కి తేవాలి, క్రేన్ వాళ్లని మళ్లీ పిలవాలి, ఈలోగా చెన్నై పోర్టులో గేటు టైము అయిపోతే ఆ ఓడ తప్పినట్టే. కాటాలో బయటపడకపోతే అంతకన్నా ఘోరం, కొనేవాడు అక్కడ కంటైనర్ తెరిచి వేరే రాయి చూస్తాడు.

ఇదంతా లెటర్‌లో రాయలేదు, రెండు వాక్యాల్లో తేల్చాను. ఆ బండిల్ తప్పుగా కలిపిందెవరో అసలు ముట్టుకోలేదు. ఒకరిని మెచ్చుకునే కాగితంలో ఇంకొకరి మీద ఫిర్యాదు ఉంటే, యార్డులో మర్నాటి నుంచి అతనితో మాట్లాడేవాళ్లు తగ్గుతారు.

ఆ తర్వాత మాలకొండయ్యనే పిలిచి నీకు ఏది కష్టమైందని అడిగాను. కంటైనర్ల సంగతి చెప్తాడనుకున్నాను. 'అది కాదు సార్, నెలాఖరు. స్టాకు లెక్కా, కంటైనర్లూ ఒకేసారి మీద పడతాయి' అన్నాడు. నిజమే. ఆ ఆరు నెలల్లో కటింగ్ బ్లేడ్లకి సెగ్మెంట్లు లేవనో, పాలిషింగ్‌కి అబ్రేసివ్‌లు అయిపోయాయనో ఒక్కసారి కూడా మెషిన్ ఆగలేదు. నేను చూసిన లెటర్లలో చాలామంది వదిలేసేది ఇదే. కొత్తగా మోసిన పని రాస్తారు, పాత పని చెడకుండా నిలబెట్టిన సంగతి మర్చిపోతారు. అసలు కష్టం రెండోదే.

చివరికి పోయిన లెటర్ ఇదీ, పేర్లు తీసేశాను:

'శ్రీ … గారికి, స్టోర్స్ విభాగం.

2024 జనవరి 8 నుంచి జూలై 7 వరకు డిస్పాచ్ డాక్యుమెంటేషన్ చూసే ఉద్యోగి సెలవులో ఉన్న కాలంలో, ఆ బాధ్యతను మీరు మీ స్టోర్స్ పనితో పాటు నిర్వహించారు. ప్యాకింగ్ లిస్టులు, ఇన్‌వాయిస్‌లు, బరువు డిక్లరేషన్లు సిద్ధం చేయడం, పోర్టు ఏజెంటుతో సమన్వయం మీరే చూశారు. ఈ కాలంలో మన కాగితాల్లో పొరపాటు వల్ల ఏ కంటైనరూ ఆగలేదు.

ఏప్రిల్ 19న లోడింగ్‌కి ముందు ఒక బండిల్ మందం లిస్టుతో సరిపోవడం లేదని మీరు కొలిచి గుర్తించి మార్పించారు. దాని వల్ల కంటైనర్ బరువు పరిమితి దాటకుండా, సరుకు అనుకున్న ఓడకే వెళ్లింది.

ఇదే కాలంలో స్టోర్స్‌లో సామాను కొరత వల్ల ఉత్పత్తి ఆగిన సందర్భం ఒక్కటీ లేదు. నెలాఖరు స్టాకు నివేదికలు సమయానికి అందాయి.

జూలై 8 నుంచి డిస్పాచ్ డాక్యుమెంటేషన్ తిరిగి ఆ విభాగానికి అప్పగించడమైనది. మీరు చేసిన పనికి యాజమాన్యం తరఫున, నా తరఫున ధన్యవాదాలు. ఈ లేఖ ప్రతిని మీ పర్సనల్ ఫైలులో ఉంచుతున్నాము.'

ఇంతే. ఒక పేజీ కూడా నిండలేదు.

ఆ అమ్మాయి పేరు గానీ, సెలవు ఎందుకో గానీ లేదు చూశారా, కావాలనే. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, నిజమే. కానీ ఈ కాగితం అతను రేపు ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో చూపిస్తాడు, ఆమె సొంత సంగతి అక్కడెందుకు? పైగా 'ఆమె లేకపోవడం వల్ల ఏర్పడిన ఇబ్బందుల్లో' అని మొదటి డ్రాఫ్టులో ఉంది. హక్కుగా తీసుకున్న సెలవుని కంపెనీకి వచ్చిన కష్టంలా రాస్తే అది చదివిన ఆ పిల్ల ఏమనుకోవాలి? 'పెండింగ్ పనులన్నీ క్లియర్ చేశాడు' అనే మాట కూడా జాగ్రత్త, ఆమె పని మిగిల్చి వెళ్లిందన్న అర్థం దానంతట అదే వచ్చేస్తుంది. మీరు లెటర్ రాశాక ఒకసారి లీవు నుంచి వచ్చిన మనిషి కళ్లతో చదవండి, ఎక్కడైనా గుచ్చుకుంటే తీసేయండి.

జూలై 8 వాక్యం దగ్గర మా ఓనరుకీ నాకూ కాస్త వాదన అయింది. 'ఏమయ్యా, ఇకముందు కూడా ఇలాగే సహకరించాలని ఒక ముక్క వేయకూడదా?' అన్నారు. వేయకూడదనే చెప్పాను. అలా రాస్తే అదనపు పని అతని ఉద్యోగంలో భాగమైపోయినట్టే, ఎవరు సెలవు పెట్టినా అందరి వేళ్లూ అతని వైపే చూపిస్తాయి. మొదలైన తేదీ, ముగిసిన తేదీ రెండూ ఉంటే ఎవరి పని ఎవరిదో తేలిపోతుంది, తిరిగొచ్చిన అమ్మాయికి కూడా తన సీటు తనదేనని కాగితం మీద ఉంటుంది. ప్రమోషన్ గురించి కూడా ఒక లైను అడిగారు. ఇచ్చేది ఖాయమైతే దానికి వేరే ఆర్డరు ఇద్దాం, ఖాయం కాకపోతే రాయొద్దు అన్నాను, ఒప్పుకున్నారు. 'పరిశీలిస్తాం' అని రాసిన మాటని ఇచ్చినవాళ్లు మర్చిపోతారు, తీసుకున్నవాడు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ అది తేలకుండా లెటర్ ఇవ్వకండి. ఫ్యాక్టరీ వర్కర్ అయితే ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం చట్టంలోనే ఉంది, అది ఎవరూ మెచ్చుకుని ఇచ్చేది కాదు. మాలకొండయ్య స్టాఫ్ కాబట్టి అదనపు బాధ్యతకి అలవెన్స్ అడిగి ఇప్పించాను, కొంచెం బేరం కూడా ఆడాల్సి వచ్చింది. ఆ డబ్బు జీతంలో పడ్డాకే లెటర్ ఇచ్చాను, అంకెలు మాత్రం అందులో వేయలేదు. డబ్బు రాకుండా కాగితం ఒక్కటే చేతిలో పెడితే ఊరడించి పంపినట్టుంటుంది.

మీటింగ్ పెట్టి చప్పట్లు కొట్టించాలా అంటే, నేనైతే వద్దంటాను, ముఖ్యంగా లీవు నుంచి వచ్చిన మనిషి అదే గదిలో కూర్చుని ఉంటే. నేను క్యాబిన్‌లో ఓనరు, క్రేన్ సూపర్‌వైజర్ ఉండగా ఇచ్చాను, ఏప్రిల్ బండిల్ సంగతి మాత్రం బయటికి చదివి వినిపించాను. కంపెనీ లెటర్‌హెడ్ మీద, రిఫరెన్స్ నంబరు, తేదీ, మీ సంతకం కింద హోదా, స్టాంపు ఉండేలా చూడండి. రేపు మీరు ఆ కంపెనీలో లేకపోయినా కాగితం చెల్లాలి కదా. ఆమె తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లోపు ఇచ్చేయండి, ఆలస్యమైతే రిజిస్టర్లు తిరగేసినా సూపర్‌వైజర్లకి తేదీలు గుర్తుండవు.