ఇండియా నుంచి కొత్త డెబిట్ కార్డు వచ్చింది, మరి పనిచేయదేం?

డాలస్‌లో ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మా బంధువుల అబ్బాయి ఒకడు పోయిన నెలలో ఫోన్ చేశాడు. ఇక్కడికి వచ్చాక వాడి సేవింగ్స్ ఖాతాను, విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలోని డబ్బు కోసం పెట్టుకునే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్పించారు. దాంతో స్టేట్ బ్యాంకు నుంచి కొత్త డెబిట్ కార్డు కరీంనగర్‌లోని ఇంటికి వచ్చింది. తెలిసినవాళ్లెవరో ఇటు వస్తుంటే వాళ్ల నాన్న దాన్ని పంపించారు. జేఎన్‌టీయూ ట్రాన్‌స్క్రిప్టుల ఫీజు కడదామని చూస్తే మాత్రం కార్డు తిరస్కరిస్తోందట. "అక్కా, కార్డే పాడైపోయిందేమో" అని వాడి టెన్షన్.

కార్డుకేమీ కాలేదు. కొత్త కార్డుకి పిన్ పెట్టుకోవడం ఒక పని, ఆన్‌లైన్ వాడకాన్ని ఆన్ చేసుకోవడం వేరే పని. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు మొదట్లో ఇండియాలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని స్వైపింగ్ మెషీన్లలో మాత్రమే నడవాలి. ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, విదేశీ వాడకం మూడూ ఆపేసి ఉంటాయి, మనం అడిగితేనే తెరుచుకుంటాయి.

ముందు పిన్ సంగతి. ఇండియాలో ఉంటే ఇది తేలిక. స్టేట్ బ్యాంకు ఏటీఎంలో PIN Generation నొక్కి, ఖాతా నంబరు, బ్యాంకులో ఇచ్చిన మొబైల్ నంబరు కొడితే ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. మళ్లీ కార్డు పెట్టి, ఆ ఓటీపీనే పాత పిన్‌లా వాడి మన పిన్ పెట్టుకుంటాం. ఇక్కడి ఏటీఎంలో ఆ సదుపాయం లేదు కాబట్టి నెట్ బ్యాంకింగే దారి. లాగిన్ అయి e-Services లో ATM Card Services కి వెళ్లాలి. కార్డు ఇంకా యాక్టివేట్ కాకపోతే ముందు New ATM Card Activation చేసి, తర్వాత ATM PIN Generation తెరవాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. స్క్రీన్ మీద మన ఇష్టమైన రెండు అంకెలు కొట్టమంటుంది, మిగతా రెండు ఎస్సెమ్మెస్‌లో వస్తాయి. మీరు 47 కొట్టారనుకోండి, ఫోన్‌కి 82 వస్తే మీ పిన్ 4782. ఆ నాలుగూ మళ్లీ స్క్రీన్ మీద కొట్టి సబ్మిట్ చేస్తేనే పని పూర్తయినట్టు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన రెండంకెల్ని ఓటీపీ అనుకుని మర్చిపోయినవాళ్లు నాకు తెలుసు. తర్వాత ఏటీఎం దగ్గర పదేపదే తప్పు పిన్ కొట్టి కార్డు లాక్ చేసుకున్నారు.

ఇక స్విచ్‌ల సంగతి. అదే ATM Card Services లో ATM Card Limit/Channel/Usage Change అని ఉంటుంది. ఛానెల్ అన్నచోట కనిపించే CNP అంటే కార్డు చేతిలో చూపించకుండా చేసే చెల్లింపు, అంటే మన ఆన్‌లైన్ వాడకం. దాన్ని ఆన్ చేయాలి. మావాడు పొరపాటున విదేశీ వాడకం కోసం వెతుకుతున్నాడు, తను అమెరికాలో ఉన్నాడు కదా అని. మీరెక్కడ కూర్చున్నారన్నది కాదు, డబ్బు తీసుకునేవాళ్లు ఎక్కడున్నారన్నదే లెక్క. జేఎన్‌టీయూకి రూపాయల్లో కడితే అది దేశీయ చెల్లింపే. పైగా ఎన్ఆర్‌ఓ కార్డులు చాలావరకు ఇండియాలో వాడకానికే ఇస్తారు. విదేశాల్లో సంపాదించిన డబ్బు ఇండియాలో దాచుకునే ఎన్ఆర్‌ఈ ఖాతా కార్డుకి విదేశీ వాడకం ఉన్నా, అవసరమైన రోజు మాత్రమే తెరవండి. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసేసుకుంటాయి, నంబరు బయటికి పొక్కితే అక్కడే ప్రమాదం.

కాంటాక్ట్‌లెస్‌కి కూడా వేరే స్విచ్ ఉంటుంది. ఇండియాలో ఒక్కో చెల్లింపు 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే వెళ్లిపోతుంది. ఇక్కడ డ్రాయర్లో పడి ఉండే కార్డుకి అది ఎందుకు? ఇంటికి వెళ్లినప్పుడు ఆన్ చేసుకుంటే చాలు.

స్విచ్ వేశాక కూడా చెల్లింపు ఆగితే, ఎక్కడ ఆగిందో చూడండి. ఓటీపీ పేజీ రాకముందే తిరస్కరిస్తే సాధారణంగా స్విచ్ గానీ పరిమితి గానీ కారణం. ఓటీపీ పేజీ వచ్చి, ఎస్సెమ్మెస్ రాకపోతే లోపం మీ సిమ్‌ది. మావాడికి రెండోది జరిగింది. స్విచ్ వేశాక ఓటీపీ పేజీ వచ్చింది గానీ, ఇండియా సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయలేదు. అది చేయించాక ఎస్సెమ్మెస్‌లు రావడం మొదలైంది, ఫీజు వెళ్లిపోయింది. ఆ రాత్రే CNP ఆపేయమన్నాను, ఆపేశాడు. ఆ సిమ్‌కి గడువు దాటకుండా రీఛార్జ్ చేసే పని ఇప్పుడు వాళ్ల నాన్న చూస్తున్నారు.