మంచి కారుకి మామూలు ధరే ఎందుకొస్తుంది, డిడక్టబుల్ ఎప్పుడు తీసుకోవాలి

ప్రశ్న: ఆరేళ్లుగా మా కారు నేనొక్కడినే నడిపాను, ఒక్క సర్వీసింగ్ కూడా తప్పలేదు. అమ్ముదామంటే వచ్చినవాళ్లంతా మామూలు పాత కారు ధరే చెబుతున్నారు. ఆరు నెలల వారంటీ నేనే రాసిస్తే మంచి ధర వస్తుందా? అలాగే కొత్త కారు బీమాకీ, ఇంట్లోవాళ్ల ఆరోగ్య బీమాకీ డిడక్టబుల్ పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుందంటున్నారు. ఐదేళ్లలో మాకు ఒక్క క్లెయిమూ లేదు. తీసుకోవచ్చా?

జవాబు: వారంటీ ఇవ్వండి, కానీ అదొక్కటే ఇస్తే మీరు ఆశించిన ధర రాదు. కారు బీమాకి డిడక్టబుల్, అంటే నష్టంలో మొదటి కొంత మొత్తం మీరే భరించే షరతు, బహుశా మీకు లాభమే. ఆరోగ్య బీమాకి మాత్రం తొందరపడకండి. మూడింటికీ మూలం ఒకటే కాబట్టి కారుతో మొదలుపెడతాను.

మీ కారు ఎంత బాగుందో మీకు తెలుసు, కొనేవాడికి తెలియదు. మంచి స్థితిలో ఉన్న ఇలాంటి కారు కొనేవాడికి 5 లక్షలు చేస్తుందనుకోండి, లోపల దెబ్బతిన్నదైతే 3 లక్షలే. మంచి కారున్నవాడు 4.5 లక్షలకు తగ్గితే అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. బజారులో మంచివీ చెడ్డవీ సగం సగం ఉంటే, ఏది ఏదో తెలియని కొనుగోలుదారు 4 లక్షలకు మించి పెట్టడు. ఆ ధరకు మంచి కార్లవాళ్లు తప్పుకుంటారు. మిగిలేవి చెడ్డవే కాబట్టి ధర 4 దగ్గర కూడా ఆగదు, 3కి పడుతుంది. దీన్నే అడ్వర్స్ సెలక్షన్ అంటారు. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతోనే దీన్ని వివరించాడు. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ లెక్కలో ఒక మెలిక చూడండి. నూటికి 75 కార్లు మంచివైతే సగటు విలువ సరిగ్గా 4.5 లక్షలు, అమ్మకాలు సాగుతాయి. 70 అయితే సగటు 4.4. తేడా పదివేలే అనిపిస్తుంది, కానీ 4.4 దగ్గర మంచి కార్లన్నీ వెళ్లిపోతాయి, ధర ఏకంగా 3 లక్షలకు జారుతుంది. మీ కారుని చూడకముందే వచ్చినవాళ్లు తక్కువ చెప్పడానికి కారణం ఇదే. వాళ్లు మిమ్మల్ని అవమానించడం లేదు, ఆ బజారులో మిగిలిన కార్లకి ధర కడుతున్నారు.

ఇప్పుడు మీ వారంటీ సంగతి. ఆరు నెలల్లో ఇంజనుకో గేర్‌బాక్సుకో పెద్ద మరమ్మతు వచ్చే అవకాశం మంచి కారుకి పదింట ఒకటి, చెడ్డదానికి పదింట ఆరు అనుకుందాం. మరమ్మతుకి 50,000 అవుతుందంటే, వారంటీ వల్ల మీ మీద పడే సగటు ఖర్చు 5,000. చెడ్డ కారు అమ్మేవాడి మీద పడేది 30,000. ఆరు రెట్ల తేడా ఉంది కదా, వాడు ఈ వారంటీ ఇవ్వడనిపిస్తుంది. ఇస్తాడు. వారంటీ చూపించి తన 3 లక్షల కారుని 5 లక్షలకు అమ్ముకుంటే అదనంగా 2 లక్షలు వస్తుంది, అందులో 30,000 పోయినా 1.7 లక్షలు మిగులుతుంది. మోసగాడికి కూడా గిట్టుబాటయ్యే హామీ ఏమీ నిరూపించదు. అనుభవమున్న కొనుగోలుదారులు కాగితం మీది వారంటీకి కరగకపోవడంలో తప్పేమీ లేదు.

కాబట్టి చెడ్డ కారున్నవాడు భరించలేని హామీ కావాలి. రెండున్నాయి. ఒకటి, కొనేవాడు తనకు నచ్చిన మెకానిక్‌ని తెచ్చుకుని పరీక్ష చేయించుకోవడం, దాని రుసుము మీరు కట్టడం. రెండు, 15 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తానని రాసివ్వడం, ఆ 15 రోజులూ ధరలో కొంత భాగాన్ని ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషి దగ్గర ఉంచడం. అలా ఉంచకపోతే వెనక్కిస్తానన్న మాటని నిలబెట్టించుకునే దారి కొనేవాడికి ఉండదు. పది చెడ్డ కార్లలో ఎనిమిది ఆ గడువులో బయటపడతాయనుకుంటే, మోసగాడికి సగటున మిగిలేది 2 లక్షల్లో ఐదో వంతు, అంటే 40,000. తిప్పి తెచ్చుకున్న కారుని మళ్లీ అమ్మే తలనొప్పి కూడా కలిపితే అంత దూరం వెళ్లాలని వాడికి అనిపించదు. మీకు మాత్రం ఈ హామీ దాదాపు ఉచితం.

పరీక్ష రోజున కారుని ముందుగా స్టార్ట్ చేసి ఉంచకండి. తెలిసిన మెకానిక్ మొదట బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, వేడిగా ఉంటే అనుమానిస్తాడు. చల్లని ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు వచ్చే పొగ, టకటక చప్పుడు వేడెక్కాక దాక్కుంటాయి కాబట్టే అది చూస్తాడు. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టినప్పుడు లోపాలను చూపే కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చాలదు. ఎవరైనా కోడ్‌లు చెరిపేస్తే కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు కూడా 'పూర్తికాలేదు' అన్న స్థితికి వెళ్తాయి, మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణం పడుతుంది. కోడ్‌లు లేవు, మానిటర్లు మాత్రం చాలావరకు పూర్తికాలేదు అంటే, ఈమధ్యే ఎవరో చెరిపారని గానీ బ్యాటరీ తీసి పెట్టారని గానీ అర్థం. మీరు బ్యాటరీ మార్చి ఉంటే ఆ బిల్లు దగ్గర పెట్టుకోండి. సర్వీసింగ్ బిల్లులన్నీ తేదీ వరుసలో, ప్రతిదాని మీదా కిలోమీటర్లు కనిపించేలా పేర్చండి. ఆరేళ్ల రీడింగులు ఒకే వరుసలో పెరుగుతూ కనిపిస్తే మీటర్ తిప్పలేదని చెప్పడానికి మీరు నోరు తెరవక్కర్లేదు.

ఇన్ని చేశాక వారంటీ కూడా ఇస్తే దానికి విలువ ఉంటుంది. అయితే వారంటీ ఇచ్చిన క్షణం నుంచి తెలియనివాడి పాత్ర మీదవుతుంది. కారు ఇప్పుడు అతని చేతిలో ఉంది, ఎలా నడుపుతున్నాడో మీరు చూడలేరు. ఎండాకాలంలో దూరప్రయాణం చేస్తున్నాడు, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకి వెళ్లింది. తన డబ్బే పోతుందంటే పక్కన ఆపి టోయింగ్‌కి ఫోన్ చేస్తాడు. మీ డబ్బంటే 'ఇంకో పది కిలోమీటర్లే కదా' అని లాగించేస్తాడు, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. అతను దుర్మార్గుడు కానక్కర్లేదు, జాగ్రత్త పడే కష్టం తనది, దాని లాభం మీది అయినప్పుడు ఎవరి జాగ్రత్తైనా కొంత సడలుతుంది. దీన్ని మోరల్ హజార్డ్ అంటారు. మొదటి సమస్య బేరానికి ముందే దాగి ఉన్న సమాచారానిది, ఇది బేరం అయ్యాక దాగి ఉన్న ప్రవర్తనది. మొదటిదానికి మందుగా ఇచ్చిన వారంటీయే రెండోదాన్ని పుట్టించింది.

అందుకే వారంటీ ఇలా రాయండి. ఇంజన్, గేర్‌బాక్సు లోపలి భాగాలకే వర్తిస్తుంది. క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ వంటి వాడకంతో అరిగేవాటికి వర్తించదు, ఎందుకంటే అవి ఎన్నాళ్లు వస్తాయనేది చాలావరకు నడిపేవాడి పాదంలో ఉంటుంది. గడువు మూడు నెలలు లేదా 5,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీ చెల్లింపుకి 50,000 పరిమితి. అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతి మరమ్మతులో నాలుగో వంతు కొన్నవాడు భరించాలి. ఎర్ర గీత దగ్గర అతని కాలుని యాక్సిలరేటర్ మీంచి తీయించేది ఆ పావు వంతే. ఆరు నెలలు వద్దంటున్నాను, ఎందుకంటే కారులో ముందే ఉన్న లోపం చాలావరకు మొదటి మూడు నెలల్లోనే తలెత్తుతుంది, ఆ తర్వాత మీరు బీమా చేస్తున్నది అతని డ్రైవింగ్‌కి.

మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే వచ్చేసింది. బీమాలో డిడక్టబుల్ అంటే ఆ పావు వంతు లాంటిదే, నష్టంలో మొదటి కొంత మొత్తం మీది. కంపెనీకి అది రెండు పనులు చేస్తుంది. తీసుకున్నవాడు జాగ్రత్తగా ఉంటాడు. అంతకంటే ముందు, దాన్ని ఎవరు ఎంచుకుంటారన్నది కూడా కంపెనీకి ఒక సమాచారమే. తరచూ గుద్దుకునేవాడు పెద్ద డిడక్టబుల్ తీసుకోడు. ఆర్థికవేత్తలు మైఖేల్ రాత్‌షైల్డ్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1976లో చూపించింది ఇదే: రెండు రకాల పాలసీలు బల్ల మీద పెడితే జనం తమను తామే వేరుచేసుకుంటారు. అందువల్ల జాగ్రత్తపరుడికి ప్రీమియం నిజంగానే తగ్గుతుంది, కానీ అందుకు కొంత నష్టాన్ని తన నెత్తిన పెట్టుకోవాలి.

లెక్క సులువు. కారు బీమాలో 20,000 డిడక్టబుల్‌కి ప్రీమియం 3,000 తగ్గుతుందనుకోండి. 3,000ని 20,000తో భాగిస్తే నూటికి 15. ఏడాదిలో మీకు క్లెయిమ్ వచ్చే అవకాశం అంతకంటే తక్కువైతే డిడక్టబుల్ లాభం. చిన్న గీతలకి 8,000 ఖర్చైతే మీకు పోయేదీ ఆ 8,000 మాత్రమే కాబట్టి, అసలు హద్దు 15 కంటే ఇంకాస్త పైనే ఉంటుంది.

'ఐదేళ్లలో ఒక్క క్లెయిమూ లేదు' అన్నది మంచి సూచనే, కానీ దాని మీద ఎక్కువ భారం వేయకండి. ఏటా నూటికి 15 అవకాశం ఉన్న మనిషికి కూడా ఐదేళ్లూ క్లెయిమ్ లేకుండా గడిచే అవకాశం 44 శాతం (0.85ని ఐదుసార్లు గుణించి చూడండి). మీ మామూలు ప్రయాణ దూరం, కారు రాత్రి ఎక్కడ ఆగుతుంది, ఇంట్లో కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారా అన్నవి ఇంకా బాగా చెబుతాయి. తీసుకుంటే ఆ 20,000 పక్కన విడిగా పెట్టండి.

ఆరోగ్య బీమాకి ఇదే లెక్క పూర్తిగా పనిచేయదు. అమెరికాలో ర్యాండ్ సంస్థ 1974 నుంచి 1982 వరకు కుటుంబాలను లాటరీ పద్ధతిలో వేర్వేరు పాలసీల్లో చేర్చి చూసింది. ఖర్చులో వాటా పెట్టుకోవాల్సినవాళ్లు తక్కువ వైద్యం వాడారు, సగటు మనిషి ఆరోగ్యం అందువల్ల దెబ్బతినలేదు. కానీ వాళ్లు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదాన్నీ తగ్గించుకున్నారు, బీదరికంలో ఉండి బీపీ ఉన్నవాళ్లకి ఉచిత వైద్యం దొరికినప్పుడే బీపీ మెరుగ్గా అదుపులోకి వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉండి, క్రమంగా డాక్టరు దగ్గరికి వెళ్లే ఖర్చు మీ పాలసీ ఇస్తుంటే, ఆ ఖర్చుకి అడ్డొచ్చే డిడక్టబుల్ వద్దు. ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకి మాత్రమే వర్తించేదైతే ఆలోచించవచ్చు. ఏది తీసుకున్నా ఉన్న జబ్బుల్ని దరఖాస్తులో దాచకండి. ఆ ప్రశ్నలు అడ్వర్స్ సెలక్షన్‌కి కంపెనీ వేసుకున్న కంచె, దాచింది బయటపడితే క్లెయిమ్ పెద్దదైనప్పుడే అది మీ కాళ్లకి గుచ్చుకుంటుంది.

సంతకానికి ముందు ఒక వాక్యం వెతకండి: డిడక్టబుల్ ఒక్కో క్లెయిమ్‌కా, ఏడాది మొత్తానికా. ఏడాదిలో 30,000 చొప్పున మూడు క్లెయిములు వస్తే, ఏడాది మొత్తానికి 20,000 అన్న పాలసీలో మీకు 70,000 తిరిగి వస్తుంది. ఒక్కో క్లెయిమ్‌కి 20,000 అయితే వచ్చేది 30,000.